హోమ్ డెలివరీ మొదలుపెట్టాం, షాపు పాలసీలో ఎండార్స్‌మెంట్ ఎలా అడగాలి?

హన్మకొండ_కిరాణా

అందరికీ నమస్కారం. హన్మకొండలో మాకు కిరాణా, జనరల్ స్టోర్ ఉంది. షాపు ప్యాకేజీ పాలసీ తీసుకున్నాం, మార్చి 31 వరకు ఉంది. అందులో అగ్నిప్రమాదం, దొంగతనం, క్యాష్, చిన్నదిగా, మావల్ల బయటివాళ్లకు నష్టం జరిగితే చూసుకునే పబ్లిక్ లయబిలిటీ సెక్షన్ ఉన్నాయి. పాలసీ షెడ్యూల్‌లో వ్యాపారం అన్న చోట "రిటైల్ కిరాణా" అని మాత్రమే రాసి ఉంది.

దసరా నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఇళ్లకు పంపిస్తున్నాం, నాలుగు కిలోమీటర్ల లోపే. ఇద్దరు అబ్బాయిలు ఉన్నారు. ఒకడికి నా పేరు మీద ఉన్న పెట్రోల్ బండి ఇచ్చాను, ఇంకొకడు తన సొంత బండి మీదే తిరుగుతాడు. ఈమధ్య చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ కూడా కొన్నాం, రాత్రి షాపులోనే ఛార్జింగ్ పెడతాం.

మా ఏజెంట్‌కి వాట్సాప్‌లో "సార్, డెలివరీ స్టార్ట్ చేశాం, పాలసీకి ఏమైనా చెయ్యాలా" అని అడిగితే "నో ప్రాబ్లం, రెన్యువల్ అప్పుడు చూద్దాం" అని రిప్లై వచ్చింది. నాకు మాత్రం టెన్షన్‌గానే ఉంది. రెన్యువల్‌కి ఇంకా నెలలున్నాయి కదా. కంపెనీకి నేనే నేరుగా రాయాలా? రాస్తే ఏమని రాయాలి? రాసినందుకు పాలసీ క్యాన్సిల్ చేస్తారా అని ఇంట్లో వాళ్ల భయం.

గుంటూరు_చిన్నా

అన్నా, టెన్షన్ పడకు. ఏజెంట్‌కి చెప్తే కంపెనీకి చెప్పినట్టే, వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్ తీసి దాచిపెట్టుకో, రేపు ఏదైనా అయితే అదే ప్రూఫ్. ఇంకోటి, షాపు పాలసీ అంటే షాపుకి, బండి మీద జరిగేది బండి పాలసీ చూసుకుంటుంది. బండి పాలసీలో ఎలాగూ 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది కదా, అబ్బాయికి దెబ్బ తగిలినా అందులోంచే వస్తుంది. మా బజార్లో అందరూ ఇలాగే నడుపుతున్నారు, ఎవరూ ఏ లెటరూ రాయలేదు.

పాత_సర్వేయర్_బెజవాడ

చిన్నా గారూ, స్క్రీన్‌షాట్ దాచుకోమన్నది మంచి మాటే. మిగతా రెండూ మాత్రం అలా లేవు, ఇక్కడ చాలామంది చదువుతారు కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు ఏజెంట్ సంగతి. మన దేశంలో ఏళ్ల తరబడి వాడుతున్న అగ్నిప్రమాద పాలసీ షరతుల్లో మూడోది చదవండి. వ్యాపారం మారినా, బిల్డింగ్‌లో పరిస్థితులు మారినా, దానివల్ల ప్రమాదం అవకాశం పెరిగితే, ఆ ఆస్తికి బీమా వర్తించడం ఆగిపోతుంది. ఆగకూడదంటే నష్టం జరగకముందే కంపెనీ అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతి పాలసీ మీద ఎండార్స్‌మెంట్ రూపంలో, అంటే మార్పును ఒప్పుకుంటూ కంపెనీ పాలసీకి జత చేసే కాగితం రూపంలో ఉండాలి. అంటే సమాచారం ఇవ్వడం ఒకటి, ఎండార్స్‌మెంట్ రావడం ఇంకొకటి. ఏజెంట్ "నో ప్రాబ్లం" అనడం ఈ రెండింటిలో ఏదీ కాదు. చిన్న షాపులకు ఇప్పుడు 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఇస్తున్నారు, మీ అగ్నిప్రమాద సెక్షన్ బహుశా అదే అయి ఉంటుంది. దాని భాష కొంచెం తేలికగా ఉంటుంది గానీ, మార్పు జరిగితే చెప్పాల్సిన బాధ్యత అందులోనూ మీదే.

రెండోది ఆ 15 లక్షలు. అది బండి ఓనర్ కోసం, ఆయన లైసెన్సుతో బండి నడుపుతున్నప్పుడు జరిగే ప్రమాదానికి. మీ పేరు మీద ఉన్న బండిని జీతానికి పెట్టుకున్న అబ్బాయి నడుపుతూ పడితే ఆ 15 లక్షల్లోంచి అతనికి పైసా రాదు.

ఇక క్యాన్సిల్ భయం. కిరాణా షాపు ఇళ్లకు సరుకు పంపడం ఏ కంపెనీకీ వింత కాదు. మహా అయితే కొంచెం ప్రీమియం అడుగుతారు, లేదా కొన్ని షరతులు పెడతారు. చెప్పకుండా ఉండి క్లెయిమ్ రోజున బయటపడితేనే అసలు ఇబ్బంది.

మీరు ఇంకొన్ని విషయాలు చెప్పాలి. ప్యాకింగ్ ఎక్కడ చేస్తున్నారు? డెలివరీ మొదలయ్యాక సరుకు నిల్వ పెరిగిందా? అబ్బాయిలు రోజు చివర ఎంత క్యాష్‌తో వస్తారు?

రవి_ఆన్‌లైన్

నాది కూడా ఇదే సమస్య. డెలివరీ యాప్ వాళ్ల ద్వారా పంపిస్తే నూనె ప్యాకెట్లు పగిలిపోయాయని కస్టమర్ రీఫండ్ అడుగుతున్నాడు, యాప్ వాళ్లు మా బాధ్యత కాదంటున్నారు. దీనికి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి? ఒక్కో ఆర్డర్‌కి ఇన్సూరెన్స్ ఉంటుందా?

నెల్లూరు_మెడికల్_లక్ష్మి

రవి గారూ, మీది వేరే విషయం అండీ. అది మీకూ యాప్ వాళ్లకూ ఉన్న అగ్రిమెంట్‌లో చూసుకోవాలి. ఇక్కడ హన్మకొండ అన్నయ్య తన మనుషులతో, తన బండ్లతో పంపిస్తున్నారు, తన పాలసీలో ఆ సంగతి ఎక్కించమని అడుగుతున్నారు.

అన్నయ్యా, మాకు జరిగింది చెబుతాను. మాది మెడికల్ షాపు, కోవిడ్ టైంలో డెలివరీ మొదలుపెట్టి అలాగే కొనసాగించాం. మా పాలసీలో క్యాష్ సెక్షన్ ఉంది, అందులో "షాపు నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి షాపుకు" అని రాసి ఉంది. మా అబ్బాయి సాయంత్రం ఇళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బుతో వస్తుంటే దారిలో ఆపి లాక్కున్నారు. పోలీస్ కంప్లైంట్, ఎఫ్‌ఐఆర్ అన్నీ ఉన్నాయి. అయినా కంపెనీ ఇవ్వలేదు. దొంగతనం జరగలేదని వాళ్లు అనలేదు, కస్టమర్ ఇంటి నుంచి షాపుకు వచ్చే దారి పాలసీలో లేదన్నారు. నేను ఎంత వాదించినా కాగితం మీద ఉన్నది అదే. తర్వాత ఎండార్స్‌మెంట్ చేయించుకున్నాం, పెరిగిన ప్రీమియం చూస్తే ఇంత చిన్న మొత్తానికా ఇన్నాళ్లూ ఆగామని బాధేసింది.

హన్మకొండ_కిరాణా

సర్వేయర్ గారూ, లక్ష్మి గారూ, చాలా థ్యాంక్స్. మీరు అడిగినవి ఇవి.

ప్యాకింగ్ మొదట్లో షాపులోనే చేసేవాళ్లం, చోటు సరిపోక వెనక సందులో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. అక్కడ అట్టపెట్టెలు, కవర్లు, బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు పెడతాం. పాలసీలో స్టాక్ 12 లక్షలు రాయించాం, ఇప్పుడు షాపూ షెడ్డూ కలిపితే 16 లక్షల దాకా ఉంటుంది. క్యాష్ ఒక్కొక్కరి దగ్గర మామూలుగా ఎనిమిది వేలు, పండగ రోజుల్లో పాతిక వేల దాకా పోతుంది, మిగతాది యూపీఐ. డెలివరీ ఛార్జీ 500 లోపు ఆర్డర్‌కి 20 రూపాయలు, ఆపైన ఫ్రీ. బస్తాలు, పెద్ద ఆర్డర్లు మాత్రం ట్రాలీ ఆటోలో పంపిస్తాం, ఆ ఆటో వేరే ఆయనది, దానికి గూడ్స్ బండి పాలసీ ఉంది, నేను కాపీ కూడా చూశాను.

పాత_సర్వేయర్_బెజవాడ

ఇప్పుడు అసలు సంగతి తేలింది. చూడండి, అబ్బాయి బండి మీద రెండు కేజీల కందిపప్పు తీసుకెళ్లడం వల్ల మీ షాపు తగలబడే అవకాశం ఏమీ పెరగదు. డెలివరీ కోసం మీరు చేసుకున్న మిగతా ఏర్పాట్ల వల్లే రిస్క్ మారింది. కంపెనీకి "హోమ్ డెలివరీ మొదలుపెట్టాం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఇవేవీ వాళ్లకు తెలియవు, రేపు మీరు చెప్పలేదనే అంటారు.

అన్నిటికంటే ముందు షెడ్డు. అగ్నిప్రమాద పాలసీ, దొంగతనం పాలసీ రెండూ షెడ్యూల్‌లో రాసిన అడ్రసుకే. వెనక సందు అంటే వేరే డోర్ నంబరు. అక్కడ కాలిపోయిన సరుకుకు ఇప్పుడున్న పాలసీ కింద అడిగే హక్కు చాలా బలహీనం. స్టాకును తాత్కాలికంగా వేరే చోటికి మార్చినప్పుడు కొంత కవర్ ఇచ్చే క్లాజు ఒకటి ఉంటుంది గానీ, నెలల తరబడి అద్దెకు తీసుకుని నడిపే ప్యాకింగ్ షెడ్డును తాత్కాలికం అని ఏ సర్వేయరూ ఒప్పుకోడు, నేనైతే ఒప్పుకునేవాణ్ణి కాదు. పైగా రేకుల షెడ్డు, అట్టపెట్టెలు, నూనె. గోడలు దేనితో కట్టారు, కరెంటు వైరింగ్ ఎలా ఉంది, తాళం ఎలాంటిది అని కంపెనీ అడుగుతుంది. ముందే రాసేయండి.

తర్వాత స్టాకు విలువ. ఉన్నది 16 లక్షలు, రాయించింది 12. నాలుగు లక్షల సరుకు కాలిందనుకుందాం. పాలసీలో 12 ఉంది కదా, నాలుగూ వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ లెక్క 16లో 12 వంతు, అంటే నాలుగు లక్షలకు మూడు లక్షలే. మిగతా లక్ష మీ జేబులోంచి. సూక్ష్మ ఉద్యమ్ పాలసీలో తక్కువ రాయించడం 15 శాతం లోపు ఉంటే పట్టించుకోరు, మీది 25 శాతం తక్కువ, కాబట్టి ఆ మినహాయింపు మీకు దొరకదు.

ఇక ఎలక్ట్రిక్ స్కూటర్. రాత్రి షట్టర్ దించాక లోపల బ్యాటరీ ఛార్జింగ్, పక్కనే అట్టపెట్టెలు. అగ్నిప్రమాద సెక్షన్‌లో నిజంగా రిస్క్ పెరిగిందంటే ఇక్కడే పెరిగింది, మూడో షరతు అచ్చంగా ఇలాంటి వాటికే. వీలైతే రాత్రి ఛార్జింగ్ మానేసి పగలు మనుషులు ఉన్నప్పుడు పెట్టండి, విడిగా ప్లగ్ పాయింటూ ఎంసీబీ వేయించండి. ఆ సంగతి లెటర్‌లో రాస్తే, రిస్క్ చూసి ప్రీమియం నిర్ణయించే అండర్‌రైటర్ దృష్టిలో మీ మీద నమ్మకం పెరుగుతుంది.

బండ్ల గురించి విడిగా రాస్తాను, అది షాపు పాలసీలో తేలేది కాదు.

డాలస్_ప్రసాద్

మా బావగారికి ఇక్కడ టెక్సస్‌లో ఇండియన్ గ్రోసరీ స్టోర్ ఉంది, వాళ్లూ డెలివరీ మొదలుపెట్టినప్పుడు ఇదే తంతు. ఇక్కడ బిజినెస్ లయబిలిటీ పాలసీలో వాహనాల వల్ల జరిగేవి తీసేస్తారు, అందుకని ఉద్యోగుల సొంత కార్లు వాడితే దానికోసం హైర్డ్ అండ్ నాన్ ఓన్డ్ ఆటో అనే కవర్ జత చేయించుకున్నారు. అబ్బాయి సొంత బండి వాడుతున్నాడు కాబట్టి శ్రీమాన్ హన్మకొండ గారు కూడా అదే అడిగితే సరిపోతుంది కదా?

పాత_సర్వేయర్_బెజవాడ

ప్రసాద్ గారూ, షాపు లయబిలిటీ సెక్షన్‌లో వాహనాల వల్ల వచ్చే బాధ్యత ఉండదన్నది ఇక్కడా అంతే. కానీ ఇక్కడి చిన్న షాపు పాలసీకి మీరు చెప్పిన కవర్‌ను జత చేయమంటే బ్రాంచ్‌లో అది దొరకదు. ఇక్కడ థర్డ్ పార్టీ బాధ్యత మోటారు వాహనాల చట్టం ప్రకారం బండికున్న పాలసీలోనే ఉంటుంది. అందుకని బండి పాలసీనే చూడాలి.

హన్మకొండ గారూ, మీ పెట్రోల్ బండి పాలసీ తీసి, వాడకం పరిమితులు అన్న పేరా చదవండి. ప్రైవేటు టూవీలర్ పాలసీలో ఏయే వాడకాలకు వర్తించదో అక్కడ ఉంటుంది. కిరాయికి తిప్పడం, శాంపిళ్లూ సొంత లగేజీ తప్ప వేరే సరుకు మోయడం, రేసులు, ఇలా. ఆ సరుకు మోయడం అన్న మాట మీకు నేరుగా తగులుతుంది. వెనక సీటు మీద క్రేటు కట్టి ఆర్డర్లు తిప్పుతుంటే, బండికి డ్యామేజీ జరిగినప్పుడు వచ్చే క్లెయిమ్ దగ్గర కంపెనీ మొదట ఎత్తిచూపేది ఇదే. బండి తగిలి దారినపోయే మనిషికి దెబ్బ తగిలితే వ్యవహారం వేరు. ట్రిబ్యునల్ ముందు కంపెనీ ఏ కారణాలు చెప్పి తప్పుకోవచ్చో చట్టంలోనే రాసి ఉంది, బాధితుడికి ముందు డబ్బు కట్టి తర్వాత బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని తీర్పులిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అలా జరిగితే చివరికి కట్టేది మీరే.

ఎలక్ట్రిక్ స్కూటర్ గురించి కూడా చూడండి. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు ఉన్న రకమైతే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది చాలామందికి హాయిగా అనిపిస్తుంది. కానీ రిజిస్ట్రేషన్ లేదంటే దానికి మామూలుగా మోటారు పాలసీ కూడా ఉండదు, అది ఎవరినైనా గుద్దితే కట్టడానికి వెనక ఏ కంపెనీ లేదు. మీ షాపు పబ్లిక్ లయబిలిటీ సెక్షన్‌లో దాన్ని కలుపుతారా అని లెటర్‌లో అడగండి. కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు, ఏదైనా రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఏజెంట్_కుమార్_కర్నూలు

నేను జనరల్ ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని, ఒక మాట. ఇక్కడ అందరూ ఏజెంట్‌దే తప్పన్నట్టు మాట్లాడుతున్నారు. చిన్న షాపు పాలసీలో ఎండార్స్‌మెంట్ పెడితే బ్రాంచ్‌లో తిప్పుతారు, ప్రీమియం కొద్దిగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, అందుకే చాలామంది రెన్యువల్ వరకు ఆగమంటారు. అది సరైన పద్ధతి అని నేను అనడం లేదు. హన్మకొండ అన్నా, మీ పాలసీ మీద బ్రాంచ్ మెయిల్ ఐడీ ఉంటుంది, మెయిల్ అక్కడికి పంపి ఏజెంట్‌ని కాపీలో పెట్టండి. సబ్జెక్ట్‌లో పాలసీ నంబరు, "వ్యాపార కార్యకలాపంలో మార్పు, ఎండార్స్‌మెంట్ అభ్యర్థన" అని ఉండాలి. మెయిల్‌తో ఆగకుండా ప్రింట్ తీసి బ్రాంచ్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇంకో విషయం. మీరు ప్రశ్నలా రాయకండి. "డెలివరీకి కవర్ ఉంటుందా" అని అడిగితే క్లర్క్ "షరతులకు లోబడి ఉంటుంది" అని ఒక లైన్ పంపేసి ఫైలు మూసేస్తాడు. ఏం మారిందో, ఏ తేదీ నుంచి మారిందో, ఏ సెక్షన్‌లో ఏం మార్చమంటున్నారో నేరుగా రాయండి.

గుంటూరు_చిన్నా

సరే ఒప్పుకున్నా, 15 లక్షల సంగతి నాకు తెలియదు. మరి అబ్బాయికి దెబ్బ తగిలితే దారేంటి? ఇంకో డౌట్, ఆ 20 రూపాయలు తీసుకుంటే అది కిరాయి కిందికి వస్తుందా? ఫ్రీగా పంపిస్తే రాదు కదా? అయితే ఆ 20 తీసేసి సరుకు రేట్లలో కలుపుకుంటే గొడవ ఉండదు.

ఏజెంట్_కుమార్_కర్నూలు

అబ్బాయికి ఉద్యోగుల పరిహారం పాలసీ విడిగా తీసుకోవాలి. జీతం, పని స్వభావం బట్టి ప్రీమియం. కౌంటర్ దగ్గర హెల్పర్ అని రాయించి రోడ్డు మీద తిప్పితే క్లెయిమ్ దగ్గర పట్టుకుంటారు, బండి మీద డెలివరీ అనే రాయించాలి. జీతం కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, పన్నెండు వేలు ఇస్తూ ఎనిమిది అని రాయిస్తే మిగతాది మీ మీదే పడుతుంది. ఇద్దరూ రోజుకూలీ లెక్కన వచ్చేవాళ్లయినా పాలసీలో చేర్చొచ్చు.

20 రూపాయల గురించి నా అభిప్రాయం, అది కిరాయే. డబ్బు తీసుకుని సరుకు చేరవేస్తున్నారు.

పాత_సర్వేయర్_బెజవాడ

కుమార్ గారూ, అంత ఖాయంగా నేను చెప్పను. కిరాయికి అంటే వేరేవాళ్ల సరుకు డబ్బు తీసుకుని మోయడం అని ఒక వాదన, ఇక్కడ షాపు తన సరుకే తను చేరవేస్తోంది, 20 రూపాయలు అమ్మకంలో భాగం అని వాదించొచ్చు. ఎదుటి లాయరు మీరు చెప్పిందే చెబుతాడు. కానీ చిన్నా గారి ఉపాయంతో గొడవ తీరదు. సరుకు మోయడం అన్నదే ప్రైవేటు పాలసీలో విడిగా నిషేధం కదా, 20 రూపాయలు తీసేసినా అది అలాగే ఉంటుంది. బిల్లులో డెలివరీ ఛార్జీ అని కనిపిస్తే వాళ్లకు ఇంకో ఆయుధం దొరుకుతుంది, అంతే తేడా.

నెల్లూరు_మెడికల్_లక్ష్మి

అన్నయ్యా, మేము అప్పట్లో ఇచ్చిన లెటర్‌ను మీ వివరాలతో మార్చి పెడుతున్నాను. మేము ఇంగ్లిష్‌లో ఇచ్చాం, విషయం ఇదే. చూసుకుని మార్చుకోండి.

> బ్రాంచ్ మేనేజర్ గారికి,
>
> విషయం: షాపు ప్యాకేజీ పాలసీ నంబరు (మీది వేయండి), వ్యాపార కార్యకలాపంలో మార్పు తెలియజేయడం, ఎండార్స్‌మెంట్ అభ్యర్థన.
>
> అయ్యా, పై పాలసీలో మా వ్యాపారం రిటైల్ కిరాణా అని నమోదైంది. ఫలానా తేదీ నుంచి మేము షాపుకు నాలుగు కిలోమీటర్ల పరిధిలో ఇళ్లకు సరుకు పంపిస్తున్నాం. వంట గ్యాస్, టపాసులు, కిరోసిన్ లాంటివి అమ్మడం గానీ పంపడం గానీ లేదు. ఇద్దరు సిబ్బంది ఉన్నారు. వాహనాలు: మా పేరు మీద ఒక పెట్రోల్ టూవీలర్, ఒక ఎలక్ట్రిక్ స్కూటర్, సిబ్బందిలో ఒకరి సొంత టూవీలర్. బరువైన ఆర్డర్లు గూడ్స్ ఆటోలో వెళతాయి.
>
> ఈ మార్పు వల్ల ఫలానా డోర్ నంబరు గల రేకుల షెడ్డును ప్యాకింగ్‌కు, నిల్వకు వాడుతున్నాం. షాపు, షెడ్డు కలిపి ప్రస్తుత స్టాకు విలువ 16 లక్షలు. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు పగలు, సిబ్బంది ఉన్న వేళల్లో, విడి సర్క్యూట్ మీద షాపులో ఛార్జింగ్ పెడతాం.
>
> కాబట్టి వ్యాపార వివరణను "రిటైల్ కిరాణా, హోమ్ డెలివరీతో సహా" అని మార్చాలని, షెడ్డును రెండో లొకేషన్‌గా అగ్నిప్రమాద, దొంగతనం సెక్షన్లలో చేర్చాలని, స్టాకు బీమా మొత్తాన్ని లొకేషన్ వారీగా 16 లక్షలకు పెంచాలని, క్యాష్ సెక్షన్‌లో కస్టమర్ల ఇళ్ల నుంచి షాపుకు సిబ్బంది తెచ్చే నగదును ఒక్కో ట్రిప్పుకు 25,000 పరిమితితో చేర్చాలని, పబ్లిక్ లయబిలిటీ సెక్షన్ షాపు బయట డెలివరీ పనికి, రిజిస్ట్రేషన్ అవసరం లేని ఎలక్ట్రిక్ స్కూటర్‌కు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం. అదనపు ప్రీమియం ఎంతో, ఏ తేదీ నుంచి కవర్ మొదలవుతుందో తెలిపితే వెంటనే చెల్లిస్తాం.

తేదీ విషయంలో అబద్ధం రాయకండి. దసరా నుంచి చేస్తుంటే దసరా నుంచి అనే రాయండి. వాట్సాప్ ఆర్డర్లు, జీఎస్టీ బిల్లులు అన్నీ వాళ్లు అడిగి చూడగలరు. స్కూటర్ మీ మోడల్ ఆ రకం కాకపోతే రిజిస్ట్రేషన్ ఉన్నట్టు మార్చండి.

హన్మకొండ_కిరాణా

లెటర్ అద్భుతంగా ఉంది అక్కా, ఇద్దరి పేర్లూ జీతాలూ జత చేసి ఇచ్చేశాను, ఇన్‌వర్డ్ ముద్ర కూడా వేయించుకున్నాను. ఛార్జింగ్‌కి విడి ప్లగ్ వేయించాం, రాత్రి పెట్టడం మానేశాం. స్కూటర్ రిజిస్ట్రేషన్ లేని రకమే.

బ్రాంచ్ నుంచి మెయిల్ వచ్చింది. "మీ లేఖలోని విషయాలు నోట్ చేసుకున్నాం" అని ఒకే లైన్. దీనితో అయిపోయినట్టేనా?

పాత_సర్వేయర్_బెజవాడ

కాలేదు. నోట్ చేసుకోవడం వేరు, అనుమతి వేరు. మీరు చెప్పారన్నదానికి ఆ మెయిల్ మంచి సాక్ష్యం, దాచుకోండి. కానీ కొత్త లొకేషన్, పెరిగిన స్టాకు, క్యాష్ దారి ఇవన్నీ అదనపు ప్రీమియం పడేవి. బీమా చట్టం 1938లో 64విబి అనే సెక్షన్ ఉంది, ప్రీమియం ముందుగా చేతికి రాకుండా కంపెనీ రిస్క్ తీసుకోకూడదు. మీరు డబ్బు కట్టలేదు, వాళ్లు ఎంతో చెప్పలేదు, కాబట్టి షెడ్డుకు ఈ నిమిషం వరకు కవర్ లేదని అనుకుని నడుచుకోండి. అప్పటిదాకా నూనె డబ్బాలూ ఖరీదైన సరుకూ షాపులోకి మార్చి పెట్టుకోవడం మంచిది.

రిప్లై ఇలా రాయండి: మా అభ్యర్థన మీద నిర్ణయం, అదనపు ప్రీమియం, ఎండార్స్‌మెంట్ నంబరు, అమలు తేదీ తెలపండి, ఏదైనా ఒప్పుకోకపోతే అది ఏదో, ఎందుకో రాయండి. సమాధానం రాకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అక్కడా కదలకపోతే బీమా నియంత్రణ సంస్థ వారి బీమా భరోసా పోర్టల్‌లో. మీది సొంత పేరు మీద నడిచే షాపు కాబట్టి, తర్వాత తగాదా వస్తే బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికి కూడా పోవచ్చు.

హన్మకొండ_కిరాణా

అప్‌డేట్. రిప్లై పెట్టాక ఒకతను వచ్చి షెడ్డు చూసి ఫోటోలు తీసుకుని వెళ్లాడు. వైరింగ్ పైన వేలాడుతోంది, పైపులో వేయించండి అన్నాడు, షట్టర్‌కి ఇంకో తాళం పెట్టమన్నాడు. రెండూ చేయించాం. ఆ తర్వాత పాలసీ ముగిసే వరకు మిగిలిన కాలానికి లెక్కగట్టి 1,800, జీఎస్టీ 18 శాతం 324, మొత్తం 2,124 కట్టమన్నారు. ఆన్‌లైన్‌లో కట్టేశాను, రసీదు వచ్చింది, తర్వాత ఎండార్స్‌మెంట్ కాగితం కూడా మెయిల్‌లో వచ్చింది.

అందులో వ్యాపార వివరణ మారింది. స్టాకు షాపులో 11 లక్షలు, షెడ్డులో 5 లక్షలు అని విడివిడిగా వేశారు. క్యాష్ సెక్షన్‌లో ఇళ్ల నుంచి షాపుకు అని చేర్చారు గానీ పరిమితి 15,000 మాత్రమే ఇచ్చారు, 25,000 అడిగాం. పబ్లిక్ లయబిలిటీ షాపు ప్రాంగణానికే పరిమితం, ఎలక్ట్రిక్ స్కూటర్ వల్ల జరిగేవి వర్తించవు అని స్పష్టంగా రాశారు. అమలు తేదీ మాత్రం ప్రీమియం కట్టిన రోజు నుంచి, దసరా నుంచి కాదు.

నెల్లూరు_మెడికల్_లక్ష్మి

అమలు తేదీ వెనక్కి ఇవ్వరు అన్నయ్యా, మాకూ అంతే. కాగితంలో ఇంకోటి చూడండి, షెడ్డు డోర్ నంబరు అద్దె అగ్రిమెంట్‌లో ఉన్నట్టే పడిందా? మాకు ఒక అంకె తప్పు పడితే మళ్లీ సరి చేయించుకోవాల్సి వచ్చింది. తప్పు వాళ్లదైనా, క్లెయిమ్ రోజున ఆ నంబరు మీదే గొడవ.

హన్మకొండ_కిరాణా

చూశాను అక్కా, నంబరు సరిగ్గానే ఉంది, సందు పేరు లేదు. చేర్చమని మెయిల్ పెట్టాను.

పాత_సర్వేయర్_బెజవాడ

మంచి పని. క్యాష్ 15,000 అంటే పండగ రోజుల్లో అబ్బాయి మధ్యలో ఒకసారి వచ్చి డబ్బు గల్లాలో వేసి మళ్లీ బయల్దేరాలి. ఒక ట్రిప్పులో 22,000తో వస్తుంటే పోతే 15,000 వరకే ఇస్తారు. ఇంకొక సంగతి, అబ్బాయే డబ్బుతో మాయమైతే అది ఈ క్యాష్ సెక్షన్ చూసే రకం కాదు, దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని విడిగా ఉంటుంది. కావాలంటే రెన్యువల్‌లో అడగండి.

షెడ్డుకు 5 లక్షలని విడిగా వేశారు కదా, అక్కడ 8 లక్షల సరుకు పెట్టి, షాపులో 8 ఉంచి, మొత్తం 16 సరిపోయిందిలే అనుకోకండి. ఏ చోటి లెక్క ఆ చోటిదే. రెండు చోట్లకూ సరుకు అటూ ఇటూ ఎక్కువగా తిరుగుతుంటే రెండింటికీ కలిపి ఒకే మొత్తం ఉండే ఫ్లోటర్ పద్ధతి ఇస్తారేమో రెన్యువల్‌లో కనుక్కోండి.

హన్మకొండ_కిరాణా

ఉద్యోగుల పరిహారం పాలసీ ఇద్దరికీ తీసుకున్నాను, బండి మీద డెలివరీ అని పని రాయించాను, జీతం ఉన్నదే రాయించాను. ఎలక్ట్రిక్ స్కూటర్‌ను డెలివరీకి ఆపేశాం, లయబిలిటీ లేదని రాశాక దాన్ని రోడ్డు మీద తిప్పడానికి ధైర్యం చాలలేదు.

పెట్రోల్ బండి మాత్రం తేలలేదు. సరుకు మోయడానికి పాలసీ మార్చమంటే బండి ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్లు రిజిస్ట్రేషన్ ప్రైవేటు అని ఉంది, ముందు ఆర్‌టీఓ దగ్గర మార్చుకుని రండి అన్నారు. ఆర్‌టీఓ దగ్గర కనుక్కుంటే కౌంటర్‌కో మాట చెబుతున్నారు. రెండో అబ్బాయి సొంత బండిదీ అదే పరిస్థితి. ఎవరైనా వరంగల్, కరీంనగర్ వైపు టూవీలర్‌ను గూడ్స్ కింద మార్పించుకున్నవాళ్లు ఉన్నారా?

ఏజెంట్_కుమార్_కర్నూలు

మా దగ్గర ఒక పాల వ్యాపారి ప్రయత్నించి వదిలేసి, చిన్న ఎలక్ట్రిక్ కార్గో ఆటో కొనుక్కున్నాడు. అది గూడ్స్ కిందే రిజిస్టర్ అయింది, పాలసీ ఏ గొడవా లేకుండా వచ్చింది. కానీ మీకు రోజూ అంత సరుకు ఉండాలి అన్నా, లేకపోతే ఈఎంఐ భారమే.

పాత_సర్వేయర్_బెజవాడ

అంతవరకూ రెండు బండ్ల ఇన్సూరెన్స్ కంపెనీలకూ వాడకం గురించి మెయిల్ పెట్టి జవాబు అడగండి. వాళ్లు ఒప్పుకోమని రాస్తే ఆ బండ్ల మీద డెలివరీ ఆపి, ట్రాలీ ఆటో ఆయనతో రోజుకు రెండు రౌండ్లకు మాట్లాడుకోండి. ఆయన పాలసీ, ఫిట్‌నెస్ గడువు తేదీలు మాత్రం మీరే రాసిపెట్టుకుని చూసుకుంటూ ఉండండి.

హన్మకొండ_కిరాణా

మెయిల్ ఇప్పుడే పెడుతున్నాను సార్. ఆటో ఆయనతో ఉదయం పదకొండుకి ఒక రౌండు, సాయంత్రం ఆరుకి ఒకటి మాట్లాడాను, కస్టమర్లకు ఆ టైములు వాట్సాప్‌లో పెట్టాను. బండ్ల జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.